వెలిసిన నీలం ఏం చెబుతుంది? దశాబ్దాల పొడవునా మారిన జీన్స్ అర్థాలు

మహారాష్ట్రలోని బల్లార్షాలో ఒక కాలేజీ గేటు దగ్గర ఈమధ్య నోటీసు అంటించారు: చిరిగిన జీన్స్, బాగా వెలిసిన జీన్స్ వేసుకుని లోపలికి రాకూడదు. దానిమీద పిల్లలు రెండు జట్లయ్యారు. చదువుకు బట్టలతో ఏం పని అని ఒక జట్టు, కాలేజీకి ఒక పద్ధతి ఉండాలి కదా అని ఇంకో జట్టు. ఆ గొడవ నడుస్తుండగానే అక్కడి ఫ్యాషన్ క్లబ్బు వాళ్లు నన్ను పిలిచి జీన్స్ అర్థం కాలంతో ఎలా మారిందో చెప్పమన్నారు. జీన్స్ గుడ్డ నేసే డెనిమ్ మిల్లులో, రంగుల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను. అక్కడ మాట్లాడినదాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

నోటీసు సరైనదా కాదా అన్న తీర్పు నేను చెప్పబోవడం లేదు. నేను పట్టుకున్నది ఒక్కటే చిక్కు. వెలిసిన చీర కట్టుకుని ఎవరూ పెళ్లికి వెళ్లరు. వెలిసిన చొక్కా ఇంట్లో వేసుకోవడానికి, లేదా తుడవడానికి. జీన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెలిసినదానికే ఎక్కువ రేటు. ఈ తలకిందుల లెక్క ఎక్కడ మొదలైంది?

## ముందు ఆ నీలం సంగతి

జీన్స్ వెలవడం రంగు నాసిరకం కావడం వల్ల కాదు. ఆ రంగు అద్దే పద్ధతే అలాంటిది. డెనిమ్‌కు వేసేది నీలిమందు. ఒకప్పుడు చెట్టు ఆకుల నుంచి తీసేవారు. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక క్రమంగా చెట్టు నీలి మార్కెట్ పడిపోయింది.

నీలిమందు నీళ్లలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోసల్ఫైట్ కలిపిన తొట్టిలో దాన్ని కరిగే రూపంలోకి తెస్తారు. అప్పుడది పసుపుపచ్చగా మారుతుంది. నూలును తాళ్లలా పేని ఆ తొట్టిలో ముంచి పైకి లాగితే, గాలి తగిలిన కొద్ది క్షణాల్లో పసుపుపచ్చ కాస్తా ఆకుపచ్చై, నీలమవుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆ మార్పు చూస్తూ తొట్టి దగ్గరే నిలబడిపోయేవారు. సూపర్‌వైజర్ కేకేస్తే తప్ప కదిలేవారు కాదు.

ముదురు రంగు కావాలంటే ఇలా ముంచి, గాలికి ఆరబెట్టి, మళ్లీ ముంచి, ఐదారు సార్లకు పైనే తిప్పాలి. ఎన్నిసార్లు ముంచినా రంగు దారం పైపొరల్లోనే ఉండిపోతుంది, నడిమధ్యకు చేరదు. దారాన్ని అడ్డంగా కోసి చూస్తే బూడిద గుమ్మడికాయ ముక్కలా ఉంటుంది: చుట్టూ రంగు తొక్క, లోపల తెలుపు. దీనికి నేత కూడా తోడవుతుంది. డెనిమ్‌లో నిలువు దారమైన పడుగు నీలం, అడ్డు దారమైన పేక తెలుపు. పడుగు మూడు పేకల మీదుగా వెళ్లి ఒకదాని కిందకు దిగుతుంది కాబట్టి పైవైపు నీలం, లోపలివైపు తెలుపు కనిపిస్తాయి. మోకాలు వంగిన చోట, తొడ దగ్గర ముడత పడిన చోట, పర్సు ఒరుసుకున్న చోట నీలం పొర అరిగి లోపలి తెలుపు బయటపడుతుంది.

అంటే మిగతా బట్టలు వెలిస్తే ఒంటి మొత్తం మీద వెలుస్తాయి. జీన్స్ మాత్రం మనిషి ఎక్కడ వంగాడో, జేబులో ఏం పెట్టుకున్నాడో, మోకాళ్ల మీద ఎంతసేపు కూర్చున్నాడో అక్కడ వెలుస్తుంది. వేసుకున్నవాడి పని దాని మీద అచ్చు పడుతుంది. ఇకపై చెప్పబోయే అర్థాలన్నీ ఈ అచ్చును ఎవరు ఎలా చదివారన్న దాని మీదే నిలబడ్డాయి.

## పనివాడి ప్యాంటు, సెలవులకు వచ్చినవాడి ప్యాంటు

అమెరికాలో నెవాడా రాష్ట్రం రెనో ఊళ్లో జాకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే ఒకాయన భార్య వచ్చి, మా ఆయన ప్యాంట్లు ఆగడం లేదు, గట్టిది కుట్టి పెట్టమంది. జేబు మూలలే ముందు చిరుగుతాయని దర్జీకి తెలుసు. గుర్రాల దుప్పట్లకు బిగించే రాగి రివెట్లు చేతిలో ఉంటే వాటినే జేబు మూలల్లో కొట్టాడు. అది బాగా నడిచింది. పేటెంటుకు డబ్బు చాలక, తనకు గుడ్డ అమ్మే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లెవీ స్ట్రాస్‌ను కలుపుకున్నాడు. 1873 మే 20న ఇద్దరికీ పేటెంటు వచ్చింది. కొన్నవాళ్లు గని కార్మికులు, రైల్వే కూలీలు, పశువుల కాపరులు. ఆ రోజుల్లో వెలిసిన మోకాలికి ఒకటే అర్థం: వీడు చేతులతో కష్టపడి బతికేవాడు, ఇంకో జత కొనలేడు.

ఆ అర్థం మొదట కదిలింది 1930ల్లో. మాంద్యం దెబ్బకు పశువుల దొడ్ల యజమానులు కొందరు తూర్పు నగరాల డబ్బున్నవాళ్లకు అతిథి గృహాలు నడపడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు గుర్రమెక్కి, కాపరులలా జీన్స్ తొడుక్కుని ఫొటోలు దిగారు. 1934లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జీన్స్ కూడా వచ్చింది. అయితే అది సెలవుల బట్ట. ఊరికి తిరిగొచ్చాక బీరువాలోకి వెళ్లేది. వెనక జేబు రివెట్లు గుర్రపు జీనులను, కుర్చీలను గీకుతున్నాయని ఫిర్యాదులు రావడంతో 1937లో లెవీ స్ట్రాస్ పెట్టిన లెవీస్ కంపెనీ వాటిని గుడ్డ కింద దాచి కుట్టింది. గీతలు పడుతున్నాయని బాధపడే కుర్చీలున్న ఇళ్లలోకి జీన్స్ అప్పటికే చేరిందన్నమాట.

## వద్దన్నవాళ్లే అర్థాన్ని పెంచారు

1951లో పేరుమోసిన గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీ డెనిమ్ వేసుకుని కెనడాలో వాంకూవర్‌లోని ఒక హోటలుకు వెళ్తే, ఆయనెవరో గుర్తుపట్టని గుమాస్తా గది ఇవ్వలేదు. సంగతి తెలిసి లెవీస్ కంపెనీ ఆయనకు డెనిమ్‌తోనే విందులకు వేసుకునే కోటు కుట్టించి ఇచ్చింది. అందరూ నవ్వుకున్నారు. కానీ అందులో ఒక విషయం ఉంది. అప్పటికి ఆయన లక్షాధికారి. గుమాస్తా చూసింది బట్టను, మనిషిని కాదు.

తర్వాతి నాలుగేళ్లలో మార్లన్ బ్రాండో, జేమ్స్ డీన్ సినిమాల్లో ఎదురుతిరిగే కుర్రాళ్లుగా జీన్స్‌లో కనిపించారు. అమెరికాలో చాలా బడులు జీన్స్‌ను నిషేధించాయి. 1957లో లెవీస్ వాళ్లు జీన్స్ బడికి సరైన బట్ట అని ప్రకటన ఇస్తే న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది: మీ పడమటి ఊళ్లలో, పల్లెల్లో సరే గానీ, ఇక్కడ తూర్పున ఇది మర్యాద కాదు అని. మన నోటీసు బోర్డులో ఉన్న వాదన అప్పటిదే.

ఇక్కడ ఒకటి గమనించాలి. బడులు నిషేధించకముందు జీన్స్ వేసుకుంటే పెద్దలకు ఎదురుచెప్పినట్టు కాదు. నిషేధించాక అయింది. బట్ట మారలేదు, రంగు మారలేదు. వద్దన్న చెయ్యే దానికి కొత్త బరువు ఎత్తింది.

## 1963: ఒకే బట్ట, ఇంటిలోనే రెండు అర్థాలు

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే, అందుకే క్లబ్బులో ఎక్కువసేపు దీని మీదే ఆగాను.

అమెరికా నల్లజాతి హక్కుల ఉద్యమంలో 1960లో విద్యార్థులు హోటళ్లలో తెల్లవాళ్ల బల్లల దగ్గర కూర్చుని నిరసన తెలిపినప్పుడు, కోటు, టై వేసుకుని, అమ్మాయిలు ఇస్త్రీ గౌన్లు తొడుక్కుని వెళ్లారు. మర్యాదగా కనిపిస్తే మర్యాదగా చూడక తప్పదన్నది లెక్క. మూడేళ్లకు లెక్క మారింది. 1963లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఈస్టర్ పండుగకు కొత్త బట్టలు కొనవద్దని, నల్లవాళ్లను వేరుగా చూసే దుకాణాలను బహిష్కరించాలని ఉద్యమం పిలుపిచ్చింది. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే రోజున మార్టిన్ లూథర్ కింగ్, రాల్ఫ్ అబర్నతీ రోజూ వేసుకునే సూట్లు వదిలేసి డెనిమ్ పని బట్టలతో ఊరేగింపులోకి వచ్చి అరెస్టయ్యారు. అలా కొత్త బట్టలు కొనలేదని ఒంటితోనే చూపించారు. మిసిసిపీ పల్లెల్లో ఓటరు నమోదుకు తిరిగిన విద్యార్థులు కూడా కౌలు కూలీలు తొడుక్కునే డెనిమ్‌నే వేసుకున్నారు. మేం మీ పైవాళ్లం కాదు, మీలో వాళ్లమే అని.

అయితే ఆ పల్లెల్లో, ఆ ఇళ్లలో అందరూ దీన్ని ఒకేలా చూడలేదు. ముతక నీలి బట్ట పొలం చాకిరీని, అంతకుముందు బానిసత్వాన్ని గుర్తుచేసేది. దాన్ని విడిచి సూటు తొడుక్కోవడానికి ఒక తరం జీవితమంతా పట్టింది. కాలేజీకి పంపిన పిల్లలు తిరిగొచ్చి అదే ముతక బట్ట కావాలని వేసుకుంటే పెద్దలకు ఎలా ఉంటుంది? పిల్లలకు అది తోడు నిలవడం, పెద్దలకు వెనక్కి నడవడం. ఇద్దరిలో ఎవరూ బట్టను తప్పు చదవలేదు. ఒకరు మెడ వంచి వేసుకున్నారు, ఒకరు ఎంచుకుని వేసుకున్నారు. తేడా అక్కడే ఉంది.

ఇది చెప్పినప్పుడు ఒక అమ్మాయి లేచి తన ఇంటి మాట చెప్పింది. వాళ్ల నాన్న బొగ్గు గనిలో మూడు షిఫ్టుల్లో పనిచేసి మొన్ననే రిటైరయ్యాడట. మోకాలి దగ్గర చిరిగిన జీన్స్ తెచ్చుకుంటే ఆయన అన్నాడట: "నా డ్యూటీ ప్యాంటు చిరిగితే మీ అమ్మ రాత్రి కూర్చొని కుట్టేది. నువ్వేమో పైసలిచ్చి చింపించుకొని వచ్చినవా బిడ్డా?" హాల్లో అందరూ నవ్వారు. ఆయన మాటలో మాత్రం నవ్వు లేదు. ఆ మిసిసిపీ పల్లెల పెద్దలకూ ఆయనకూ ఒకరినొకరు పరిచయం చేయాల్సిన పని లేదు.

## అరిగిన గుర్తు ఫ్యాక్టరీలో తయారైనప్పుడు

1960ల చివరికి డబ్బున్న ఇళ్ల తెల్ల కుర్రకారు కూడా పాత జీన్స్ వెంట పడ్డారు. వియత్నాం యుద్ధం వద్దు, నాన్న ఉద్యోగం వద్దు అన్నవాళ్లకు వెలిసిన మోకాలు ఒక బ్యాడ్జీ అయింది. వాడిన జీన్స్‌కు గిరాకీ పెరిగింది. కొత్త డెనిమ్ అట్టలా బిగుసుకుని ఉంటుంది, వెలవాలంటే నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆగలేనివాళ్లు ఉన్నారని వ్యాపారులకు అర్థమైంది.

1970ల్లో పెద్ద వాషింగ్ డ్రమ్ములో జీన్స్‌తో పాటు ప్యూమిస్ రాళ్లు వేసి తిప్పడం మొదలైంది. అగ్నిపర్వతం నుంచి వచ్చే తేలికైన రాయి అది. ఇది మేమే కనిపెట్టామని ఫ్రాన్స్‌లో, జపాన్‌లో, కెనడాలో వేరువేరు వాళ్లు చెప్పుకుంటారు, ఆ తగువు తేలేది కాదు. రాళ్లు నలిగి పొడై మురికినీటి గొట్టాలను మూసేస్తాయి, యంత్రం లోపలి గోడను అరగదీస్తాయి. 1980ల చివర్లో నూలు పైపొరను కొరికే ఎంజైములు రావడంతో ఆ ఇబ్బంది కొంత తగ్గింది.

రాళ్లతో ప్యాంటు అంతా ఒకేలా వెలుస్తుంది. తొడ మీద మాత్రమే తెల్లబడాలంటే? అందుకు గాలి ఒత్తిడితో సన్నటి ఇసుకను గుడ్డ మీదికి కొట్టారు. చూడ్డానికి బాగానే ఉండేది. ఆ ఇసుకలోని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. ఒకసారి వస్తే తగ్గించే మందు లేదు. గని ఊళ్లో దుమ్ము జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే గనుల్లో ఏళ్ల తరబడి పట్టే జబ్బు, టర్కీలోని చిన్న చిన్న గదుల్లో సరైన మాస్కు లేకుండా ఇసుక కొట్టిన కుర్రాళ్లకు చాలా తొందరగా వచ్చింది. 2009లో టర్కీ ప్రభుత్వం ఈ పద్ధతిని నిషేధించింది. మరుసటి ఏడాది కొన్ని పెద్ద బ్రాండ్లు కూడా మానేస్తున్నామని ప్రకటించాయి.

దాని బదులు పొటాషియం పర్మాంగనేట్ చల్లడం పెరిగింది. మన ఊళ్లలో బావుల్లో వేసే ఊదారంగు పొడే. చల్లిన చోట గోధుమరంగు మరక పడుతుంది, తర్వాత ఇంకో రసాయనంతో కడిగితే తెల్లటి మచ్చ మిగులుతుంది. అదీ పీల్చకూడనిదే. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో లేజర్ వచ్చింది. నీలం పొరను కాల్చి నిమిషాల్లో గీతలు గీస్తుంది. యంత్రం ఖరీదెక్కువ కాబట్టి చిన్నవాళ్ల దగ్గర పాత పద్ధతులే సాగుతున్నాయి.

అర్థం పరంగా జరిగింది ఇది: అచ్చు మనిషి నుంచి విడిపోయింది. 1870ల్లో మోకాలి మీద తెలుపు వేసుకున్నవాడి కష్టాన్ని చెప్పేది. ఇప్పుడది ఫ్యాక్టరీలో ఇంకెవరి కష్టాన్నో చెబుతుంది, కొన్నవాడికి అది కనిపించదు.

ఏది వాడి వెలిసిందో, ఏది ఫ్యాక్టరీలో వెలిసిందో తెలుసుకోవడం కష్టం కాదు. రెండు తొడల మీది ముడత గీతలు చూడండి. మనిషి రెండు కాళ్లూ ఒకేలా వంచడు, ఫోను ఒకే జేబులో పెట్టుకుంటాడు. గీతలు అద్దంలో చూసినట్టు రెండువైపులా ఒకేలా ఉంటే అవి గీసినవి. మోకాలి తెలుపు మీ మోకాలి కంటే రెండంగుళాలు పైనో కిందో ఉంటే, అది ఇంకో పొడవు మనిషి కొలతకు చేసినది.

## మన దగ్గర కథ పైనుంచి కిందికి వచ్చింది

అమెరికాలో జీన్స్ గని నుంచి బయల్దేరి షోరూముకు చేరింది. మన దగ్గర ముందు షోరూములో దిగింది. 1980లో ఫ్లయింగ్ మెషీన్ పేరుతో దేశీ బ్రాండు వచ్చినప్పుడు అది నగరాల పిల్లల బట్ట. మా వైపు కుర్రాళ్లకు సినిమా తెర మీద, సెలవులకు వచ్చిన పట్నం బంధువుల ఒంటి మీద కనిపించేది. అంటే మన దగ్గర జీన్స్‌కు చాకిరీ జ్ఞాపకం లేదు. దాని మొదటి అర్థమే "వీడి దగ్గర డబ్బుంది" అని.

1995లో అరవింద్ మిల్స్ వాళ్లు రఫ్ అండ్ టఫ్ పేరుతో కుట్టని జీన్స్ కిట్టు తెచ్చారు. అందులో గుడ్డ, జిప్పు, రివెట్లు, బొత్తం, తోలు పట్టీ ఉండేవి. ధర 195 రూపాయలు. కొని ఊళ్లో దర్జీకి ఇవ్వాలి, కుట్టుకూలి వేరు. రెడీమేడ్ బ్రాండు కొనలేని చిన్న ఊళ్ల కోసం వేసిన లెక్క అది. మామూలు కాలు మిషను మీద డెనిమ్ కుట్టడం దర్జీలకు తలనొప్పే. పక్క కుట్టు, కింది మడత కలిసే చోట పొరలు పెరిగి సూది విరుగుతుంది. అందుకని ఆ గుట్టను ముందు సుత్తితో కొట్టి అణచి, మందపాటి సూది పెట్టి, చక్రం చేత్తో తిప్పుకుంటూ దాటించేవారు. అదే దశాబ్దంలో మన పక్కనే యవత్మాళ్‌లో డెనిమ్ మిల్లు కూడా వచ్చింది. విదర్భ అంటే పత్తి అన్న పేరు పక్కన డెనిమ్ కూడా చేరింది.

అప్పట్లో వెలిసిన జీన్స్ ఎవరికీ అక్కర్లేదు. ముదురు నీలం ఎన్నాళ్లు నిలిస్తే అంత మంచి ప్యాంటు. ఉతికితే రంగు పోతుందని ఉప్పు నీళ్లలో నానబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. దానివల్ల పెద్ద లాభమేం ఉండదు గానీ, ఆశ ఎటువైపు ఉందో తెలుస్తుంది. వెలిసినది బాగుంటుందన్న రుచి తర్వాత, తయారైన సరుకుతో పాటు దిగింది.

ఇప్పుడు రేట్లు పడిపోయి, సాగే దారం కలిపిన చవక జీన్స్ సంతలో కూడా దొరుకుతోంది. ఆటో నడిపేవాళ్లు, తాపీ పని చేసేవాళ్లు, లారీలకు బొగ్గు ఎత్తేవాళ్లు అదే వేసుకుని పనికి వెళ్తున్నారు. అమెరికాలో మొదటి మెట్టు మన దగ్గర చివరి మెట్టయింది.

## అర్థం మిగిలిందా, లేదా?

దీని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. 1900ల మొదట్లో జర్మన్ సమాజ శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్, పైవర్గం వేసుకున్నది కిందివాళ్లు అనుకరిస్తారు, అది చూసి పైవాళ్లు కొత్తదానికి మారతారు, ఫ్యాషన్ నడిచేది ఇలాగే అన్నాడు. అమెరికా జీన్స్ ఈ సూత్రానికి తలకిందులు, మన జీన్స్ చాలావరకు సరిపోతుంది. 1980ల చివర్లో జనసంస్కృతి మీద రాసిన జాన్ ఫిస్క్ ఇంకోటి చెప్పాడు: కొత్త జీన్స్‌ను చేత్తో చింపుకోవడం కంపెనీ అమ్మినదాన్ని కాదనడం, కంపెనీయే చింపి అమ్మడం ఆ కాదనడాన్ని మింగేయడం. బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త డేనియల్ మిల్లర్ లండన్ వీధుల్లో చూసి, జీన్స్‌కు ఇప్పుడు ప్రత్యేకమైన అర్థమేమీ లేదన్నాడు. అందరిలో ఒకరిగా కలిసిపోవడానికే జనం వేసుకుంటున్నారని ఆయన వాదన. అదే ఆయన కేరళలోని కన్నూరులో చూసినప్పుడు జీన్స్ అంతగా వ్యాపించలేదని, దానికి హద్దులున్నాయని గమనించాడు.

మిల్లర్ మాట లండన్‌కు నిజం కావచ్చు. మన దగ్గర అర్థం పోలేదనడానికి సాక్ష్యం ఆర్డర్లే. 2020 డిసెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులు ఆఫీసుకు జీన్స్, టీ షర్టు వేసుకురావద్దని, వారానికి ఒకరోజు ఖాదీ కట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. 2021 మార్చిలో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి తీరథ్ సింగ్ రావత్ చిరిగిన జీన్స్ వేసుకున్న ఒక తల్లి గురించి మాట్లాడుతూ పిల్లలకు ఏం సంస్కారం నేర్పుతారని అంటే, చాలామంది ఆడవాళ్లు అలాంటి జీన్స్‌తోనే ఫొటోలు పెట్టి జవాబిచ్చారు. ఆయన పక్షాన మాట్లాడినవాళ్లకు అది పెంపకం విషయం, ఎదురుచెప్పినవాళ్లకు ఆడవాళ్ల మోకాలి మీద కాపలా. చర్చలో మగవాళ్ల చిరిగిన జీన్స్ పెద్దగా రాలేదన్నది ఇద్దరూ ఒప్పుకోవాల్సిన సంగతి.

అర్థం కోర్టుదాకా వెళ్లిన సందర్భమూ ఉంది. 1999లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం, బిగుతు జీన్స్‌ను వేసుకున్నామె సహకారం లేకుండా విప్పలేరని చెప్పి ఒక అత్యాచారం కేసులో శిక్షను కొట్టేసింది. అక్కడి మహిళా ఎంపీలు జీన్స్ వేసుకుని పార్లమెంటు మెట్ల మీద నిరసన తెలిపారు. బట్టను సాక్షిగా నిలబెట్టిన తీర్పుకు అదే బట్టతో జవాబిచ్చారు.

ఇక మన నోటీసు దగ్గరికి వస్తే, క్లబ్బులో ఒక కుర్రాడు తమాషా చెప్పాడు. అతను వేసుకొచ్చింది కూడా డెనిమ్ ప్యాంటే. నల్ల రంగు, ఎక్కడా వెలవలేదు. వాచ్‌మన్ రోజూ లోపలికి పంపుతున్నాడు. అతని వెనకే మామూలు నీలి జీన్స్‌లో వచ్చిన స్నేహితుణ్ణి, మోకాలి దగ్గర కాస్త తెల్లబడిందని ఆపేశాడట. నల్ల డెనిమ్‌కు ఎక్కువగా గంధకపు రంగు వేస్తారు. అదీ వెలుస్తుంది కానీ నీలిమందులా చోటు చోటున తెలుపు చూపించదు, మెల్లగా బూడిదరంగులోకి దిగుతుంది. నేత అదే, బరువు అదే, జేబు మూలల్లో రివెట్లూ అవే.